ఫొటోలోని బ్యాంకు పద్దులు: నిల్వే సాక్షి

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. ఆ బ్యాంకు అచ్చువేసి ఇచ్చిన పాసుపుస్తకాలు, స్టేట్‌మెంట్ కాగితాలు బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో ఇంకా భద్రంగా ఉన్నాయి. అప్పు తిరగరాయించుకోవాలన్నా, ఆదాయపు పన్ను లెక్క చూసుకోవాలన్నా, అన్నదమ్ములు ఉమ్మడి సేద్యం ఖర్చులు తేల్చుకోవాలన్నా బ్యాంకు కాగితాలు బయటికి తీయాల్సిందే. ఈ రోజుల్లో చాలామంది వాటిని ఫోనుతో ఫొటో తీసి, కంప్యూటర్ చేత చదివించి, డెబిట్, క్రెడిట్, బ్యాలెన్స్ గడులున్న పట్టికగా మార్చుకుంటున్నారు.

ఇక్కడ ఒక చిక్కుంది. కంప్యూటర్ చదివిన అంకె తప్పయినా చూడటానికి సరైన అంకెలాగే ఉంటుంది. 86,730 కాస్తా 36,730 అయిపోతే కంటికి ఏ తేడా కనబడదు. అయితే బ్యాంకు స్టేట్‌మెంట్‌కు మామూలు కాగితాలకు లేని బలం ఒకటి ఉంది. ప్రతి పద్దు పక్కనా ఆ క్షణాన మిగిలిన నిల్వ అచ్చయి ఉంటుంది. పై వరుస నిల్వకు జమ కలిపి, ఖర్చు తీసేస్తే ఈ వరుస నిల్వ రావాలి. రాకపోతే చదవడంలో ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. అంతకంటే విలువైన సంగతి ఏమిటంటే, వచ్చిన తేడాను బట్టి ఆ తప్పు ఏ రకమైనదో, ఎక్కడుందో కూడా చాలాసార్లు చెప్పవచ్చు.

ఫొటో నుంచి వరుసల దాకా

ముందు ఒక మాట. బ్యాంకు యాప్‌లో అదే స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌గా దొరికితే ఫొటో జోలికి పోనవసరం లేదు. అలాంటి పీడీఎఫ్‌లో అంకెలు సాధారణంగా అక్షరాలుగానే ఉంటాయి కనుక నేరుగా తీసుకోవచ్చు. కాగితం తప్ప మరేమీ లేనప్పుడే ఫొటో.

అచ్చు అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్‌కు అంగుళానికి 300 చుక్కలు ఉంటే సుఖం. ఏ4 కాగితానికి అది 2480 × 3508 చుక్కలు, అంటే సుమారు 87 లక్షలు. కాగితం ఫ్రేము నిండా వచ్చేలా తీస్తే 12 మెగాపిక్సెల్ ఫోను సరిపోతుంది. ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలు చిత్రంగా పంపితే కుదించుకుపోయి అంకెల అంచులు చెదురుతాయి. డాక్యుమెంట్‌గా పంపాలి.

కాగితం వంకర మరీ ప్రమాదం. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ సాధారణంగా అంగుళానికి ఆరు వరుసలు కొడుతుంది. 300 చుక్కల లెక్కన వరుసకూ వరుసకూ మధ్య 50 చుక్కలే ఎడం. ఫొటో ఒక్క డిగ్రీ వాలితే తేదీ నుంచి నిల్వ గడికి చేరేసరికి, అంటే సుమారు 2000 చుక్కల దూరంలో, వరుస 35 చుక్కలు కిందికో పైకో జరుగుతుంది. అది సగం ఎడం కంటే ఎక్కువ. దాంతో ఒక పద్దు తేదీ పక్కన ఇంకో పద్దు నిల్వ వచ్చి కూర్చుంటుంది. అందుకే కాగితం నాలుగు మూలలూ కనబడేలా, సరిగ్గా పైనుంచి, పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీసి, వాలు సరిచేశాకే చదివించాలి.

చదవడానికి టెస్సరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో 1985లో దాని రచన మొదలైంది. 2005లో దాని మూలాన్ని అందరికీ తెరిచారు. ఇది మన కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది కనుక ఖాతా వివరాలు ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్‌కు అప్పగించే అవసరం ఉండదు. ఆజ్ఞ ఇది:

```
tesseract statement.jpg out --psm 6 tsv
```

ఇది ప్రతి మాటనూ, కాగితంపై ఆ మాట ఉన్న చోటునూ ఇస్తుంది. `left` అనేది ఎడమ అంచు, `width` వెడల్పు. రెండూ కలిపితే కుడి అంచు వస్తుంది. ఆ కుడి అంచే మనకు ముఖ్యం. స్టేట్‌మెంట్‌లో డబ్బు అంకెలను సాధారణంగా కుడివైపు సమంగా అచ్చువేస్తారు. 412.00 అయినా 86,730.00 అయినా ఒకే గీత దగ్గర ముగుస్తుంది, మొదలు మాత్రం వేర్వేరు చోట్ల. కాబట్టి అంకె డెబిట్ గడిదో క్రెడిట్ గడిదో కుడి అంచును బట్టి నిర్ణయించాలి. తేదీ గానీ నిల్వ గానీ లేని వరుస కనబడితే, అది చాలావరకు పై పద్దు వివరానికి పొడిగింపే. దాన్ని పై వరుసలో కలిపేయాలి.

ఒక రైతు ఖాతా

దివిసీమలో ఒక రైతు పొదుపు ఖాతా అనుకుందాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. డిసెంబరు ప్రారంభ నిల్వ 18,460.50. కాగితం మీద ఉన్న అసలు పద్దులు ఇవి:

| వరుస | వివరం | డెబిట్ | క్రెడిట్ | నిల్వ |
|---|---|---|---|---|
| 1 | ఎరువుల కొట్టు | 2,350.00 | | 16,110.50 |
| 2 | ధాన్యం సొమ్ము | | 86,730.00 | 1,02,840.50 |
| 3 | ఏటీఎం | 10,000.00 | | 92,840.50 |
| 4 | కోత మిషన్ బాడుగ | 13,500.00 | | 79,340.50 |
| 5 | గడ్డి అమ్మకం | | 4,200.00 | 83,540.50 |
| 6 | కరెంటు బిల్లు | 1,186.00 | | 82,354.50 |
| 7 | వడ్డీ | | 412.00 | 82,766.50 |

కంప్యూటర్ దీన్ని చదివి పట్టికగా ఇచ్చింది. స్ప్రెడ్‌షీట్‌లో C డెబిట్, D క్రెడిట్, E నిల్వ అనుకుని, రెండో వరుసలో ప్రారంభ నిల్వ పెట్టుకుంటే, మొదటి పద్దు పక్కన ఈ సూత్రం రాసి కిందికి లాగాలి:

```
=ROUND(E3-(E2+D3-C3),2)
```

చదివిన నిల్వలోంచి రావలసిన నిల్వ తీసేస్తే మిగిలే తేడా ఇది. అంకెల్లోని కామాలు, చివరనుండే `Cr` వంటి గుర్తులు ముందే తీసేయాలి. లేకపోతే స్ప్రెడ్‌షీట్ వాటిని అంకెలుగా కాక మాటలుగా తీసుకోవచ్చు.

మన ఖాతాలో తేడాలు వరుసగా ఇలా వచ్చాయనుకోండి: 0, 50,000, 0, 500, −500, −2,372, 0. ఏడు వరుసల్లో నాలుగు తప్పాయి. ఒక్కొక్కటే చూద్దాం.

రెండో వరుసలో ఒంటరిగా 50,000 తేడా. కింది వరుస సున్నా అయింది కనుక నిల్వ సరిగానే ఉంది, తప్పు జమ అంకెలోనే. తేడాలో 5 తప్ప మిగతావన్నీ సున్నాలు. అంటే పదివేల స్థానంలో ఒకే అంకె 5 తగ్గింది. 8ని 3గా చదివితే సరిగ్గా ఇంతే తగ్గుతుంది. ఫొటో చూస్తే 86,730 స్థానంలో 36,730 పడిందని తేలుతుంది.

నాలుగు, ఐదు వరుసల్లో 500, −500. ఒకే మొత్తం, ఎదురెదురు గుర్తులు, పక్కపక్క వరుసలు. ఇది నిల్వ అంకె తప్పు పోయినప్పుడు వచ్చే జంట. నాలుగో వరుస నిల్వ ఆ వరుసకు ముగింపు, ఐదో వరుసకు మొదలు. అందుకే ఒకే తప్పు రెండుసార్లు, గుర్తు మార్చుకుని కనబడింది. 79,340.50ను 79,840.50గా చదివింది. ఇక్కడా 3, 8ల తికమకే.

ఆరో వరుసలో −2,372. దీన్ని సగం చేస్తే 1,186, అచ్చంగా ఆ వరుసలోని కరెంటు బిల్లే. తేడా పద్దుకు రెట్టింపు ఉంటే అంకె సరైనదే, గడి మారింది. ఖర్చును జమలో వేస్తే తీయాల్సింది తీయకపోగా అదనంగా కలిపినట్టవుతుంది కదా, అందుకే రెట్టింపు. వివరంలో దీనికి మరో ఆధారం దొరకవచ్చు. కొన్ని బ్యాంకుల స్టేట్‌మెంట్లలో ఖర్చు పద్దు వివరం `TO` తోనూ, జమ పద్దు వివరం `BY` తోనూ మొదలవుతుంది.

నాలుగో రకం మన పట్టికలో రాలేదు గానీ పాసుపుస్తకాల్లో తరచు వచ్చేదే. మడతలో పడి మూడో వరుస మొత్తం ఎగిరిపోయిందనుకోండి. అప్పుడు కోత మిషన్ వరుసలో −10,000 తేడా వస్తుంది. అది ఆ వరుస పద్దుకు రెట్టింపూ కాదు, కింద జంటా లేదు. ఒక అంకె తప్పుగా చదివినట్టూ కనబడవచ్చు కనుక ఫొటోలో ఆ వరుసకు పైన కాగితం మడత చూడాలి. దొరకని ఏటీఎం పద్దు అక్కడే ఉంటుంది.

చేతిరాత పాసుపుస్తకాన్ని మనిషి చూసి కొడుతుంటే ఇంకో గుర్తు పనికొస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో భాగింపబడుతుంది. 5,460 బదులు 4,560 కొడితే తేడా 900.

పంట రుణం, తిరగబడిన క్రమం

పంట రుణం ఖాతాలో నిల్వ పక్కన `Dr` ఉంటుంది. అది రైతు బ్యాంకుకు బాకీ ఉన్న మొత్తం. దాన్ని మైనస్ అంకెగా రాసుకుంటే పై సూత్రం మార్చకుండానే పనిచేస్తుంది. లక్ష బాకీలో 20,000 కడితే −1,00,000కు 20,000 కలిసి −80,000 అవుతుంది. ఈ మైనస్ మరచిపోతే జమ, ఖర్చు పడిన ప్రతి వరుసా తప్పుతుంది, తేడా ప్రతిచోటా పద్దుకు రెట్టింపే ఉంటుంది. అన్ని వరుసల్లోనూ అదే కనిపిస్తే గడులు కాదు, నిల్వ గుర్తు చూసుకోవాలి.

కొన్ని స్టేట్‌మెంట్లు కొత్త పద్దును పైన, పాతదాన్ని కింద వేస్తాయి. అప్పుడు వరుసలన్నిటినీ కింది నుంచి పైకి తిప్పాలి. తేదీని బట్టి సర్దితే చాలదు, ఎందుకంటే ఒకే రోజు పడిన నాలుగు పద్దుల్లో ఏది ముందో తేదీ చెప్పదు.

నిల్వ పట్టుకోలేనివి

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. తేదీ, వివరం తప్పు చదివితే నిల్వకు తెలియదు. యూపీఐ చెల్లింపు విఫలమై 500 పోయి, వెంటనే 500 తిరిగొచ్చిందనుకోండి. ఆ రెండు వరుసలూ ఫొటోలో పోయినా నిల్వ ఏమీ మారదు, తేడా సున్నాగానే ఉంటుంది. స్టేట్‌మెంట్ ఆఖరి వరుసలో జమనూ నిల్వనూ ఒకే మొత్తంలో తప్పు చదివినా కింద ఇంకో వరుస లేదు కనుక బయటపడదు.

ఈ చివరి రెంటికి మొత్తాలే మందు. చాలా స్టేట్‌మెంట్ల చివర మొత్తం డెబిట్, మొత్తం క్రెడిట్, ముగింపు నిల్వ ఉంటాయి. మన ఖాతాలో ఖర్చులు 27,036, జమలు 91,342. ప్రారంభ నిల్వ 18,460.50కు జమలు కలిపి ఖర్చులు తీస్తే 82,766.50, ఆఖరి నిల్వకు సరిపోయింది. పోయి తిరిగొచ్చిన 500 వరుసలు తప్పిపోయి ఉంటే కాగితం మీది మొత్తాలు రెండూ మన మొత్తాల కంటే 500 చొప్పున ఎక్కువ ఉండేవి. పేజీలు ఎక్కువైతే ప్రతి పేజీ ఆఖరి నిల్వ తరువాతి పేజీ ప్రారంభ నిల్వతో సరిపోవాలి.

సరిదిద్దేటప్పుడు ఒక నియమం తప్పకూడదు. తేడా సున్నా చేయడం కోసం అంకె మార్చకూడదు. తేడా ఎక్కడ చూడాలో చెబుతుంది, ఏమి రాయాలో కాగితమే చెప్పాలి. మరక పడి అంకె కనబడకపోతే, నిల్వలను బట్టి లెక్కగట్టి రాసి, ఆ గడికి వేరే రంగు వేసి, అది చదివింది కాదు, లెక్కగట్టిందని పక్కన రాసి ఉంచండి. కోర్టుకు మాత్రం ఈ పట్టిక పనికిరాదు. 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద బ్యాంకు ధ్రువీకరించి ఇచ్చిన నకలు కావాలి. మీ పట్టిక మీ లెక్క కోసం. ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే అసలు ఫొటోతో కలిపి, తేడా గడిని చెరిపేయకుండా ఇవ్వండి.