అద్దె కుర్చీల నెయిల్ స్టూడియో: గిట్టుబాటు లెక్క

అద్దె కుర్చీల పద్ధతిలో నడిచే నెయిల్ స్టూడియోలో యజమానికి రెండు దారుల్లో డబ్బు వస్తుంది. తన టేబుల్ దగ్గర తాను చేసిన పనికి వచ్చేది ఒకటి. మిగతా టేబుళ్లను సొంతంగా పనిచేసుకునే నెయిల్ టెక్నీషియన్లకు ఇచ్చి నెలనెలా తీసుకునే అద్దె రెండోది. అద్దె కుర్చీలోని టెక్నీషియన్ తన కస్టమర్లను తానే తెచ్చుకుంటుంది, ధర తానే చెబుతుంది, జెల్ పాలిష్‌లూ టిప్పులూ తనవే వాడుతుంది, బిల్లు డబ్బు కూడా తనే తీసుకుంటుంది. ఆ కుర్చీలో నెలకు 40 వేల పని జరిగినా యజమానికి అందేది ముందుగా మాట్లాడుకున్న అద్దె మాత్రమే. కాగితం మీద లెక్క తప్పేది చాలావరకు ఇక్కడే. నాలుగు టేబుళ్ల మీద జరిగే పనంతా కలిపి తమ రాబడిగా రాసుకుంటారు.

బ్రేక్ ఈవెన్ అంటే ఆ నెల ఖర్చంతా తీరి, లాభమూ నష్టమూ లేకుండా నిలిచే స్థానం. దాన్ని కనుక్కోవడానికి ఖర్చును రెండుగా విడదీయాలి. కస్టమర్ వచ్చినా రాకపోయినా నెల తిరిగేసరికి కట్టాల్సినది స్థిర ఖర్చు. కస్టమర్ వస్తేనే అయ్యేది పని ఖర్చు. ఒక్కో బిల్లులోంచి పని ఖర్చు తీసేస్తే మిగిలేదానితో స్థిర ఖర్చును తీర్చాలి. అందుకే స్థిర ఖర్చును ఆ మిగులుతో భాగిస్తే ఎంతమంది కస్టమర్లు కావాలో తెలుస్తుంది.

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి లాంటి చోట, మెయిన్ రోడ్డు మీద 400 చదరపు అడుగుల షాపు, నాలుగు టేబుళ్లు అనుకుందాం. ఒకటి యజమానిది, మూడు అద్దెకు. ఇక్కడి అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి. ఎవరి షాపుకు వారి అంకెలు వేసుకోవాలి. షాపు అద్దె 30 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు, ఏసీతో కలిపి కరెంటు 6 వేలు, ఫోన్లు ఎత్తి అపాయింట్‌మెంట్లు రాసి శుభ్రం చేసే హెల్పర్‌కు 13 వేలు, ఇంటర్నెట్, తాగునీళ్లు వగైరా 2 వేలు, మరమ్మతులు, ట్రేడ్ లైసెన్స్, ఇన్సూరెన్స్‌లను నెలకు పంచితే 2 వేలు, ఇన్‌స్టాగ్రామ్ ప్రచారానికి 5 వేలు. మొత్తం 60 వేలు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నిజానికి ఇంకా రెండు పద్దులున్నాయి. ఇంటీరియర్, టేబుళ్లు, ఎల్‌ఈడీ ల్యాంపులు, డ్రిల్ మెషీన్, దుమ్ము లాగే మెషీన్లు, ఏసీ కలిసి 4.8 లక్షలు అయ్యిందనుకుంటే, అవి నాలుగేళ్లు పనికొస్తాయని లెక్కేస్తే నెలకు 10 వేలు అరుగుతున్నట్టు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ కొనాల్సిన రోజు వస్తుంది కాబట్టి ఇది ఖర్చే. రెండోది యజమాని జీతం. ఆమె ఇంకోచోట పనిచేస్తే 25 వేలు వచ్చేవంటే, అంత ఇక్కడ కూడా రావాలి. ఈ రెండూ కలిపితే స్థిర ఖర్చు 95 వేలు.

ఇప్పుడు మిగులు. ఉట్టి జెల్ పాలిష్‌కు గంట లోపు పడుతుంది, ఎక్స్‌టెన్షన్‌కు రెండు గంటలు, మూడు వారాలకు వచ్చే రీఫిల్‌కు గంటన్నర. ధరలూ అలాగే మారతాయి. అన్నీ కలిపి సగటు బిల్లు వెయ్యి అనుకుంటే, అందులో బేస్ కోట్, బిల్డర్ జెల్, టాప్ కోట్, టిప్పులు, బఫర్లు, అసిటోన్, దూది, గ్లవ్స్‌కు 200 పోతాయి. మిగులు 800. అద్దె కుర్చీ నెలకు 12 వేలు. ఆ కుర్చీ నిండినప్పుడు అదనంగా అయ్యే కరెంటు, టవళ్లు, శానిటైజర్ 1,500 తీసేస్తే కుర్చీ మిగులు 10,500.

మూడు కుర్చీలూ నిండితే 31,500 వస్తాయి. 95 వేలల్లో మిగిలిన 63,500ను 800తో భాగిస్తే యజమానికి నెలకు 80 మంది సొంత కస్టమర్లు కావాలి. ఒక కుర్చీ ఖాళీ అయితే 93 మంది కావాలి. అంటే ఒక్క టెక్నీషియన్ మానేస్తే 13 మంది కొత్త కస్టమర్లను వెతుక్కోవాలి. అద్దె కుర్చీల లెక్క మెల్లగా పెరిగి తగ్గేది కాదు, కుర్చీకో మెట్టు చొప్పున దూకుతుంది. అందుకే సగటు చూసుకుని ధైర్యం తెచ్చుకోవడం ప్రమాదం. కుర్చీ ఖాళీ అయిన నెలలో ఏమవుతుందో విడిగా చూడాలి.

ఇంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. 12 వేలు కట్టి ఆ కుర్చీలో కూర్చోవడం టెక్నీషియన్‌కు గిట్టుతుందా? ఆమె వైపు నుంచి వేసుకోవాల్సిన లెక్క ఇది. కుర్చీ అద్దె 12 వేలు, రాకపోకలకు 2 వేలు, ఎక్కడైనా జీతానికి చేరితే వచ్చే 20 వేలు. మొత్తం 34 వేలు. ఆమె బిల్లు కూడా వెయ్యే, సామాన్లు కాస్త పొదుపుగా వాడి 180లో సరిపెడితే మిగులు 820. నెలకు 42 మంది కస్టమర్లుంటేనే ఆమెకు జీతం ఉద్యోగంతో సమానం. కోర్సు పూర్తి చేసి కొత్తగా వచ్చిన అమ్మాయికి మహా అయితే 25 మంది ఉంటారనుకుందాం. వారి మీద మిగిలే 20,500లో అద్దె, చార్జీలు పోను చేతికి 6,500. ఎంత ఇష్టంగా చేరినా రెండు మూడు నెలల్లో వెళ్లిపోక తప్పదు. ఆ తప్పు ఆమెది కాదు, ఆ అద్దెకు ఆమెను చేర్చుకున్న లెక్కది.

అందువల్ల కుర్చీ ఇచ్చేముందు గత రెండు నెలల అపాయింట్‌మెంట్ డైరీ చూపించమనడం మర్యాద తక్కువేమీ కాదు. మొత్తం ఎంతమంది వచ్చారన్నదాని కంటే, రీఫిల్‌కు తిరిగి వచ్చినవారు ఎందరన్నది ముఖ్యం. మూడు వారాలకు మళ్లీ వచ్చే పేర్లు కనిపిస్తే ఆ కుర్చీ నిలుస్తుంది. ప్రతి వారం కొత్త పేర్లే ఉంటే ఆఫర్ల మీద నెట్టుకొస్తున్నారని అర్థం. శుక్ర, శని, ఆదివారాల్లోనే పని ఉండేవారికి నెల అద్దె కన్నా రోజు అద్దె నయం. రోజుకు 700 చొప్పున నెలలో 13 రోజులు కూర్చుంటే 9,100 వస్తాయి. మిగతా రోజులకు ఇంకొకరు దొరికితే యజమానికి నెల అద్దె కన్నా ఎక్కువే. అయితే మంగళ, బుధవారాలకు అడిగేవారు తక్కువ కాబట్టి ఆ రోజులను లెక్కలో కలుపుకోకపోవడమే మంచిది.

మూడు కుర్చీలూ ఏడాది పొడుగునా నిండి ఉంటాయని అనుకోకూడదు. ఒకరు మానేశాక ఇంకొకరు చేరడానికి వారాలు పడుతుంది, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక కొందరు తగ్గుతారు. నాలుగింట మూడొంతులే నిండుతాయని తీసుకుంటే కుర్చీల మిగులు నెలకు 23,625కు దిగుతుంది, యజమానికి కావాల్సిన కస్టమర్లు 90కి పెరుగుతారు. మరి ఆమె ఎంతమందికి చేయగలదు? నెలకు 26 రోజులు, రోజుకు నలుగురు చొప్పున 104 మంది. రద్దయ్యేవి, ఆలస్యంగా వచ్చేవారు, ఖాళీ మధ్యాహ్నాలు తీసేస్తే అందులో 70 శాతం, అంటే 73. కావాల్సింది 90, చేయగలిగింది 73. షాపు కిటకిటలాడుతూ కనిపిస్తుంది, నెలాఖరుకు యజమాని చేతికి 25 వేలకు బదులు దాదాపు 12 వేలు వస్తాయి. షాపు అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే బయటపడాల్సిన విషయం ఇదే.

ఇక సరిచేసుకునే దారులు. కుర్చీ అద్దెను 16 వేలు చేయడం మొదట తోచే ఉపాయం. కానీ అప్పుడు టెక్నీషియన్‌కు 42 బదులు 47 మంది కావాలి. అంత మంది ఉన్నవారు దొరకడం కష్టం, దొరికినా సొంత షాపు గురించే ఆలోచిస్తుంటారు. షాపు అద్దె తగ్గించుకోవడం మెరుగైన దారి. గోళ్ల పనికి జనం బోర్డు చూసి లోపలికి వచ్చేది తక్కువ, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చేవారే ఎక్కువ. అద్దె కుర్చీలవారు తమ కస్టమర్లను ఎలాగూ వెంట తెచ్చుకుంటారు. అందుకని లోపలి వీధిలో, మొదటి అంతస్తులో 22 వేలకు దొరికే షాపు సరిపోతుంది. లిఫ్ట్, శుభ్రమైన వాష్‌రూమ్, రాత్రి ఎనిమిదింటికి ఆడవాళ్లు భయం లేకుండా దిగి వెళ్లగల మెట్లు, అసిటోన్ వాసన బయటికి పోయేలా కిటికీ ఉండాలి. అక్కడే 24 వేలు పెట్టి ఇంకో టేబుల్ వేస్తే అరుగుదల నెలకు 500 పెరుగుతుంది. స్థిర ఖర్చు 87,500 అవుతుంది. నాలుగు అద్దె కుర్చీల్లో సగటున మూడు నిండితే 31,500 వస్తాయి. మిగిలిన 56 వేలకు 70 మంది కస్టమర్లు చాలు. ఇది 73 లోపు ఉంది. మిగులు ఘనంగా లేదు గానీ లెక్క నిలుస్తుంది.

ఈ లెక్కను చెడగొట్టే రెండు కాగితపు విషయాలను ముందే చూసుకోవాలి. షాపు అగ్రిమెంట్‌లో ఇతరులకు అద్దెకివ్వకూడదన్న షరతు సాధారణంగా ఉంటుంది. టేబుళ్లు అద్దెకిచ్చుకోవడానికి ఓనర్ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, లేదంటే కుర్చీల రాబడి ఏ రోజైనా ఆగిపోవచ్చు. రెండోది జీఎస్‌టీ. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. యజమాని సొంత పని 8.4 లక్షలు, మూడు కుర్చీల అద్దె 4.32 లక్షలు, మొత్తం 12.72 లక్షలు. పరిమితికి చాలా లోపే. కానీ సౌలభ్యం కోసం అందరి బిల్లులూ యజమాని క్యూఆర్ కోడ్‌కే వేయిస్తే, కుర్చీకి నెలకు 42 వేల చొప్పున మరో 15.12 లక్షలు ఆమె ఖాతాలోకి వస్తాయి. తనది కాని డబ్బుతో 20 లక్షలు దాటినట్టు కనిపిస్తుంది. ప్రతి టేబుల్ మీద ఎవరి క్యూఆర్ వారిది ఉంటే ఈ చిక్కు రాదు.

చివరగా, 70 మంది మొదటి నెలలోనే రారు. మొదటి నెల 20 మంది, ఒక కుర్చీ. రెండో నెల 30 మంది, ఒక కుర్చీ. మూడో నెల 40 మంది, రెండు కుర్చీలు అనుకుంటే, అరుగుదల, జీతం పక్కన పెట్టి చేతి నుంచి కట్టాల్సిన 52 వేలకు మొదటి నెల 25,500, రెండో నెల 17,500 తక్కువ పడతాయి. మూడో నెలలో వెయ్యి మిగులుతుంది. ఈ 43 వేలకు మూడు నెలల ఇంటి ఖర్చు 75 వేలు కలిపితే దాదాపు 1.2 లక్షలు. అడ్వాన్స్, ఇంటీరియర్‌ల డబ్బు కాకుండా ఇంత విడిగా బ్యాంకులో ఉండాలి. నాలుగో నెలలోనూ సొంత కస్టమర్లు 40 దాటకపోతే, లేదా రెండో కుర్చీ నిండకపోతే, ఆ నిల్వ అయిపోకముందే షాపు ఓనర్‌తో అద్దె గురించి మాట్లాడాలి, లేదా హెల్పర్‌ను సగం రోజుకు మార్చుకోవాలి.