పాత పాటలకు కొత్త పెట్టె

బీటిల్స్ బృందం 'రివాల్వర్' ఆల్బమ్ 1966 ఆగస్టులో వచ్చింది. ఆనాడు ఎల్పీ కొన్న అభిమానులకు 1987లో సీడీ, 2009లో రీమాస్టర్ చేసిన సీడీ, 2022లో అయిదు సీడీల బాక్స్ సెట్ అమ్మజూపారు. పాటలు మాత్రం అవే పద్నాలుగు. మరి మళ్లీ మళ్లీ అమ్ముతున్నదేమిటి?

రీమాస్టర్‌లో జరిగేది తక్కువ. గొంతులూ వాయిద్యాలూ కలిపేసి ముగించిన టేపును తిప్పి, డిజిటల్‌లోకి ఎక్కించి, రొద తగ్గించి, బాస్, ట్రెబుల్ సరిచూస్తారు. అందులోంచి డ్రమ్స్‌ను మాత్రం పక్కకు జరపడం కుదరదు. అలా జరపాలంటే అంతకు ముందు దశలోని ట్రాకుల టేపు తీసి, పాటను కొత్తగా కలపాలి. అది రీమిక్స్.

'రివాల్వర్'కు అదీ చిక్కే. అప్పట్లో టేపుకు నాలుగే ట్రాకులు. 'ట్యాక్స్‌మ్యాన్' పాటలో గిటారు, బాస్, డ్రమ్స్ ఒకే ట్రాకులో ఇరుక్కుపోయాయి. పాత స్టీరియోలో ఆ మూడూ ఎడమ స్పీకర్లోంచే మోగడానికి కారణమదే. దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం 'గెట్ బ్యాక్' డాక్యుమెంటరీ కోసం తయారుచేసుకున్న సాఫ్ట్‌వేర్ ఆ మూడింటినీ విడదీసింది. దాంతో అసలు నిర్మాత జార్జ్ మార్టిన్ కొడుకు గైల్స్ మార్టిన్ వాటిని 2022లో ఎక్కడ కావాలంటే అక్కడ అమర్చగలిగాడు.

అన్ని రీఇష్యూలలోనూ ఇంత పని ఉండదు. కొన్నింటిలో శబ్దం పెంచి ఊరుకుంటారు. బిగ్గరగా ఉన్నదే బాగుందని చెవి మొదట మోసపోతుంది. పాత, కొత్త ప్రతుల వాల్యూమ్ సమానం చేసుకుని వింటే గుట్టు తెలుస్తుంది. కొత్తదానిలో డ్రమ్ దెబ్బ పదును పోయి చదునుగా వినిపిస్తే, జరిగింది మెరుగుదల కాదు, నొక్కుడు.

కంపెనీ లెక్క తేలికే. రికార్డింగ్ ఖర్చు ఎప్పుడో తీరిపోయింది. కుర్రకారు ఫోన్‌లో వింటారు కాబట్టి, చేత్తో పట్టుకునే వస్తువుకు ఎక్కువ డబ్బు పెట్టేది పాత అభిమానులే. యూరప్ చట్టం కూడా కొంత తొందరపెడుతుంది. 50 ఏళ్లలో విడుదల చేయని రికార్డింగ్‌పై అక్కడ హక్కు పోతుంది, చేస్తే 70 ఏళ్ల రక్షణ దొరుకుతుంది. అందుకే 2012లో బాబ్ డిలన్ పాత రికార్డింగులను వంద ప్రతుల దాకా మాత్రమే అచ్చువేసి యూరప్‌లో విడుదల చేశారు. దాని పేరులోనే కాపీరైట్ పొడిగింపు అన్న మాట ఉంది.

కాబట్టి కొనేముందు అట్ట వెనుక రెండు సంగతులు చూడాలి: అది రీమిక్సా, రీమాస్టరా? ఇంతవరకూ బయటికి రాని టేకులు ఎన్ని? 'రివాల్వర్' పెట్టెలో అవి దండిగానే ఉన్నాయి. కొత్త మిక్స్ నచ్చనివారి కోసం 1966 నాటి మోనో మిక్స్‌ను కూడా అదే పెట్టెలో పెట్టి అమ్మారు.