కోసిన గట్టు, వేసిన మేట

నది పారుతూ ఇసుకను, ఒండ్రును మోసుకుపోతుంది. ప్రవాహం వేగంగా ఉన్న చోట గట్టు కోతకు గురవుతుంది, మందగించిన చోట మేట పడుతుంది. నది మెలికలకైనా, వాటి నుంచి విడిపోయిన సరస్సులకైనా, డెల్టాలకైనా మూలం ఇదే.

మైదానంలో వాలు తక్కువ. ఏ చిన్న అడ్డు తగిలినా నది కాస్త పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన చోట నీరు వంపు బయటి గట్టు వైపు తోసుకుపోయి, అక్కడ కిందికి దిగి, అడుగున ఇసుకను ఈడ్చుకుంటూ లోపలి గట్టు వైపు మళ్లుతుంది. అందుకే బయటి గట్టు నిటారుగా తెగి, దాని కింద లోతైన మడుగు ఏర్పడుతుంది. లోపలి వైపు ఇసుక తిన్నె పెరుగుతుంది. వంపు వద్ద నీళ్లలో దిగేవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది: తిన్నె వైపు లోతు మెల్లగా పెరుగుతుంది, ఎదుటి గట్టు దగ్గర ఒక్క అడుగుతోనే నిలువు లోతు. ఈతరాని వారికి ప్రమాదం అక్కడే.

ఏటేటా వరదలతో వంపు ఇంకా సాగుతుంది. చివరికి దాని రెండు కొసల మధ్య సన్నని నేలపట్టీ మాత్రమే మిగులుతుంది. ఒక పెద్ద వరద దాన్ని తెంచేస్తే నదికి అడ్డదారి దొరుకుతుంది. ఆ దారి పొట్టిది, కాబట్టి వాలు ఎక్కువ. నీరంతా అటే మళ్లుతుంది. పాత వంపులో ప్రవాహం చచ్చిపడి, దాని రెండు మూతులనూ ఇసుక పూడుస్తుంది. అలా విడిపోయినదే ఆక్స్‌బౌ సరస్సు. బిహార్‌లో బేగూసరాయ్ దగ్గరి కాబర్ తాల్ బూఢీ గండక్ నది వదిలేసిన అలాంటి వంపే. దానికి 2020లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. వానాకాలంలో విస్తరించి, వేసవిలో కుంచించుకుపోతుంది. ఇలాంటి సరస్సులకు ఆయుష్షు తక్కువే. వరద తెచ్చే బంకమట్టితో మెల్లగా పూడి చిత్తడిగా, ఆపై పొలంగా మారిపోతాయి.

సముద్రం దగ్గర వేగం దాదాపు ఆగిపోతుంది. ముతక ఇసుక ముఖద్వారంలోనే పడి మధ్యలో దిబ్బ కడుతుంది. సన్నని బంకమట్టి రేణువులు ఉప్పునీటి ప్రభావంతో ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి అడుగుకు చేరతాయి. దిబ్బ అడ్డంగా పెరిగితే నది దానికి రెండు వైపులా చీలుతుంది. పాయలు పుట్టడానికి ఇదొక ముఖ్య కారణం. వరదల్లో నది పాత దారిని వదిలి పల్లం చూసుకుని కొత్త పాయ తీయడం మరొకటి.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడివడుతుంది. ఈ పాయల మధ్య పేరుకున్న ఒండ్రు నేలే కోనసీమ. సముద్రం చేరిన ఇసుక అంతా ముఖద్వారం దగ్గరే ఉండదు. అలలు దాన్ని తీరం వెంట ఉత్తరానికి నెట్టగా ఏర్పడిన పొడవాటి ఇసుక పట్టీయే కాకినాడ రేవుకు తుపాను అలల నుంచి కొంత రక్షణ ఇస్తోంది.

నది తెచ్చేది అలలు తీసుకుపోయేదానికంటే ఎక్కువగా ఉన్నంత కాలమే డెల్టా ముందుకు పెరుగుతుంది. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడంతో కృష్ణా, గోదావరి నదులు సముద్రానికి చేర్చే మట్టి బాగా తగ్గింది. డెల్టా తీరంలో కొన్ని చోట్ల కోతే పైచేయిగా ఉంది.