జేబుకు మెషిన్ ఆనిస్తే ట్యాప్ కార్డులో డబ్బు పోతుందా?

కిక్కిరిసిన సిటీ బస్సులో ఎవడో స్వైపింగ్ మెషిన్‌ను మీ వెనక జేబుకు ఆనించాడనుకుందాం. ట్యాప్ కార్డుతో 5,000 రూపాయల దాకా పిన్ అడగరు కదా, వాడు 1,900 లాగేసినట్టేనా? ఒకసారి వాడి వైపు నుంచి చూద్దాం.

కార్డులో బ్యాటరీ ఉండదు. మెషిన్ పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే చిప్‌కు కరెంటు అందాలి. దుకాణాల్లో వాడే మెషిన్‌కు ఆ శక్తి సుమారు నాలుగు సెంటీమీటర్ల వరకే. ప్యాంటు బట్ట, పర్సు తోలు, మధ్యలో చిల్లర అందులోనే ఇమడాలి. పక్కనే మెట్రో కార్డో మరో బ్యాంకు కార్డో ఉంటే రెండూ ఒకేసారి పలుకుతాయి. అప్పుడు మెషిన్ సాధారణంగా తనకు నచ్చినదాన్ని ఎంచుకోదు, ఒక్క కార్డే చూపమని ఆగిపోతుంది. పైగా మొత్తం ముందే నొక్కి ఉంచాలి. కాసేపటిదాకా ఏ కార్డూ తగలకపోతే లావాదేవీ రద్దవుతుంది, మళ్లీ మొదటి నుంచి నొక్కాలి.

ఇవన్నీ దాటాడే అనుకోండి. అసలు చిక్కు అప్పుడే మొదలు. మెషిన్‌లోకి నోట్లు రాలి పడవు. అది తన బ్యాంకుకు, ఆ బ్యాంకు వీసా, రూపే వంటి నెట్‌వర్క్ ద్వారా మీ బ్యాంకుకు ఒక అభ్యర్థన పంపుతుంది, అంతే. మీ ఫోన్‌కు మెసేజ్ వెంటనే వస్తుంది. డబ్బు మాత్రం మామూలుగా మరుసటి పనిదినానికి గాని వ్యాపారి ఖాతాకు చేరదు. ఆ ఖాతా పాన్, చిరునామా ఇచ్చి తెరిచినది. ప్రతి లావాదేవీ మీదా ఆ వ్యాపారి నంబరు ఉంటుంది. నలుగురు ఫిర్యాదు చేస్తే బ్యాంకు ఆ సొమ్మును ఆపగలదు, వెనక్కి లాగగలదు. అద్దె పేర్లతో ఖాతా తెరిచే ఘనులు లేకపోలేదు. కానీ అంత ఏర్పాటు ఉన్నవాడు బస్సుల్లో జేబులు తడుముతూ తిరగడు, ఫోన్ చేసి ఓటీపీ అడుగుతాడు.

పోనీ, కార్డును కాపీ కొడితే? కార్డు నంబరు, గడువు తేదీ చదవడం చాలా కార్డుల విషయంలో సాధ్యమే. అయితే ప్రతి ట్యాప్‌కూ చిప్ ఒక కొత్త సంకేతాన్ని లెక్కగట్టి ఇస్తుంది. పాతది మళ్లీ పంపితే బ్యాంకు తిప్పికొడుతుంది. ఆ లెక్కకు వాడే రహస్య తాళం చిప్ దాటి బయటికి రాదు. వెనక అచ్చయిన సీవీవీ కూడా ట్యాప్‌లో వెళ్లదు. మన సైట్లు ఓటీపీ అడుగుతాయి. విదేశీ సైట్లలో కొన్ని అడగవు, అందుకే అవసరం లేనప్పుడు అంతర్జాతీయ వాడకం ఆపి ఉంచడం మేలు.

ట్యాప్ కార్డుకు నిజమైన ముప్పు కార్డే పోవడం. దొరికినవాడు పిన్ లేకుండానే ఒకటి రెండుసార్లు కొనగలడు. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం, కొత్త కార్డులో ట్యాప్ సౌకర్యం మీరు ఆన్ చేసేదాకా ఆగి ఉంటుంది. బ్యాంకు యాప్‌లో అదే చోట పరిమితి కూడా తగ్గించుకోవచ్చు. పాలు, కూరగాయలకే ట్యాప్ చేసేవారికి 5,000 దేనికి, 500 చాలు.