ఎదకు ముందు మేత, ఈతకు ముందు మేత

గొర్రెలు, మేకలు జత కట్టడానికి రెండు మూడు వారాల ముందు నుంచి వాటికి మామూలు మేతకు తోడు కొంత దాణా పెట్టి ఒళ్లు పుంజుకునేలా చేయడాన్ని ఫ్లషింగ్ అంటారు. ఒక్కో ఈతలో పుట్టే పిల్లల సంఖ్యను పెంచడం దీని ఉద్దేశం. పుట్టే పిల్ల బరువు పెరగాలంటే చేయాల్సిన పని వేరే ఉంది. అది చూడి చివరి నెలన్నరలో పెట్టే మేత. రెండూ దాణా పెట్టడమే అయినా వాటి వేళలు వేరు, ఒకదాని పని మరొకటి చేయదు.

ఆడ గొర్రె సుమారు 17 రోజులకు ఒకసారి, ఆడ మేక సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తాయి. ప్రతి ఎదకు ముందూ అండాశయంలో కొన్ని అండాల తిత్తులు ఎదగడం మొదలుపెడతాయి. వాటిలో ఎక్కువ భాగం మధ్యలోనే కుంగిపోయి, చివరికి ఒకటో రెండో పగిలి అండాన్ని విడుదల చేస్తాయి. ఒంట్లోకి వచ్చే శక్తి పెరుగుతున్న రోజుల్లో రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్ పెరిగి, కుంగిపోవాల్సిన తిత్తుల్లో మరొకటి నిలబడే వీలు కలుగుతుంది. రెండు అండాలు విడుదలైతేనే కవలలకు అవకాశం. అండాల సంఖ్య తేలిపోయేది ఎద రోజునే కాబట్టి ఆ తర్వాత ఎంత మేత పెట్టినా ఒక పిండం రెండు కాదు.

ఫ్లషింగ్ ఫలితం గొర్రె ఒంటి స్థితిని బట్టి ఉంటుంది. చివరి పక్కటెముక వెనుక, నడుము మీద చెయ్యి పెట్టి నొక్కి చూస్తే అది తెలుస్తుంది. ఒంటి స్థితిని 1 నుంచి 5 వరకు అంకెలతో గుర్తిస్తారు. వెన్నెముక మొనలు కత్తి అంచులా చేతికి గుచ్చుకుంటే 1. మొనలు తెలుస్తున్నా నున్నగా ఉండి, కాస్త నొక్కితే ఎముక కిందికి వేళ్లు పోతే 2. గట్టిగా నొక్కితే తప్ప ఎముక తెలియకపోతే 3. అసలే తెలియకుండా కొవ్వు పట్టి ఉంటే 4, 5. ఫ్లషింగ్ బాగా పనిచేసేది 2, 2.5 స్థాయిలో ఉన్న వాటిలో. మరీ బక్కచిక్కిన గొర్రెకు మూడు వారాలు చాలవు, నెలన్నరకు పైగా మేపాలి. ఇప్పటికే కొవ్వు పట్టిన గొర్రెకు దాణా పెడితే ఖర్చే గాని కవలలు పెరగవు.

తెలుగు నేలలో తొలకరి వానలే సహజమైన ఫ్లషింగ్. వేసవిలో ఎండిన బీళ్ల మీద తిరిగి చిక్కిన మందలు మృగశిర కార్తె తర్వాత మొలిచే పచ్చగడ్డితో పుంజుకుని ఎదకు వస్తాయి. వాన ఆలస్యమైనా, పచ్చిక పలుచగా ఉన్నా ఆ లోటును దాణా తీరుస్తుంది.

ఉదాహరణకు 30 తల్లి గొర్రెల నెల్లూరు జాతి మందను తీసుకుందాం. ఒక్కోటి సుమారు 30 కిలోల బరువు, ఒంటి స్థితి 2. జూన్ 21న విత్తనపు పొట్టేలును మందలోకి వదలాలనుకుంటే మే నెలలోనే నట్టల మందు తాగించి, చిటుక రోగం టీకా వేయించాలి. నట్టలు ఉంటే పెట్టిన దాణాలో కొంత వాటి పాలవుతుంది. గర్భం నిలిచాక మొదటి నెలలో ఆల్బెండజోల్ వాడితే పిండానికి హాని కనుక ఆ పని ముందే ముగించడం మేలు. జూన్ 1న గొర్రెకు 50 గ్రాముల దాణాతో మొదలుపెట్టి వారంలో 250 గ్రాములకు చేర్చాలి. మొదటి రోజే గంపలు నింపితే కడుపులో ఆమ్లం పెరిగి ఉబ్బరం, పారుడు, ఒక్కోసారి చావు కూడా సంభవిస్తాయి. దాణాకు 50 పాళ్లు నలగ్గొట్టిన జొన్న లేదా మొక్కజొన్న, 27 పాళ్లు తవుడు, 20 పాళ్లు వేరుశనగ చెక్క, 2 పాళ్లు ఖనిజ లవణ మిశ్రమం, 1 పాలు ఉప్పు సరిపోతాయి.

పొట్టేలును వదిలాక మరో మూడు వారాలు, అంటే జులై 12 వరకు, అదే దాణా కొనసాగాలి. ఈ రోజుల్లో పిండం గర్భసంచి గోడకు ఇంకా గట్టిగా అతుక్కోదు. మేత హఠాత్తుగా తగ్గినా, మందను ఎండలో దూరాలు తోలినా పిండాలు కరిగిపోతాయి. అలాంటి గొర్రె కొన్నాళ్లకు తిరిగి ఎదకు వస్తుంది, లేదా రెండింటిలో ఒకటి పోయి ఒంటి పిల్లే మిగులుతుంది. అలాగని మేతను విపరీతంగా పెంచడమూ మంచిది కాదు. అతిగా తింటే గర్భాన్ని నిలిపే ప్రొజెస్టరాన్ రక్తంలో తగ్గుతుంది. రెండు ఎదలు పూర్తయ్యేలా 34 రోజులకు, జులై 25న పొట్టేలును వేరు చేస్తే ఈతలు నవంబరు 15 నుంచి డిసెంబరు 19 లోపు ఒక వరుసలో వస్తాయి. గొర్రె చూడి కాలం సుమారు 147 రోజులు, మేకకు సుమారు 150.

రెండో నెల నుంచి మూడో నెల చివరి దాకా పిండం చిన్నదే. మాయ మాత్రం ఈ కాలంలోనే దాదాపు పూర్తిగా ఎదుగుతుంది. పిండానికి ఆహారం అందేది దాని ద్వారానే కాబట్టి ఇక్కడ తల్లి చిక్కిపోకుండా చూస్తే చాలు. వానాకాలపు పచ్చిక బాగుంటే దాణా అక్కరలేదు.

పుట్టే పిల్ల బరువులో సుమారు 70 శాతం చివరి ఆరు వారాల్లో చేరుతుంది. పొదుగు ఎదిగి జున్నుపాలు సిద్ధమయ్యేదీ అప్పుడే. కాని గర్భసంచి కడుపును ఆక్రమించడంతో గొర్రె చొప్ప, ఎండుగడ్డి ఎక్కువగా తినలేదు. అందుకే తక్కువ పరిమాణంలో ఎక్కువ బలం ఇచ్చే దాణా అవసరం. పై మందకు అక్టోబరు మొదటి వారం నుంచి 250 గ్రాములతో మొదలుపెట్టి, పొట్ట పెద్దగా ఉండి ఒంటి స్థితి తగ్గుతున్న వాటికి 400 గ్రాముల వరకు రెండు పూటలుగా ఇవ్వాలి. సుబాబుల్, అవిశె రొట్టలు మాంసకృత్తుల లోటు తీరుస్తాయి.

ఈ దశలో మేత చాలకపోతే తల్లి తన కొవ్వును కరిగించుకుంటుంది, రక్తంలో కీటోన్లు చేరుతాయి. కవలలు మోస్తున్న గొర్రెకే ఈ ముప్పు ఎక్కువ. మంద నుంచి విడిగా నిలబడటం, దాణా ముట్టకపోవడం, చూపు ఆనక తడబడటం, పళ్లు కొరకడం దీని గుర్తులు. పడిపోయాక బతికించడం కష్టం కనుక తొలి గుర్తుకే పశువైద్యుడికి చూపించాలి. చూడికి ముందు కొవ్వు పట్టిన గొర్రెలూ దీనికి లోనవుతాయి. మరోవైపు ఒక్క పిల్లనే మోసే తల్లికి అతిగా పెడితే పిల్ల పెద్దదై ఈత కష్టమవుతుంది.

కవల పిల్ల ఒంటి పిల్ల కన్నా తేలికగా పుడుతుంది. చివరి మేత సరిగా ఉంటే ఆ తేడా తగ్గుతుంది. రెండు కిలోల లోపు పుట్టిన పిల్ల ఒంట్లో కొవ్వు నిల్వ తక్కువ కావడంతో చలికి త్వరగా నీరసించి లేచి పొదుగు అందుకోలేదు. నవంబరు, డిసెంబరు ఈతల్లో ఇది ప్రాణాంతకం.

ఫ్లషింగ్‌కు జాతి ఒక హద్దు. నెల్లూరు, దక్కని గొర్రెలు ఎక్కువగా ఒంటి పిల్లనే ఈనుతాయి, మేత వాటిలో కవలలను కొంతవరకే పెంచగలదు. బెంగాల్‌కు చెందిన గరోల్ గొర్రెల్లో ఎక్కువ అండాలు విడుదల చేయించే ఫెక్‌-బి జన్యువు ఉంది, అందుకే అవి కవలలను తరచుగా ఈనుతాయి. బ్లాక్ బెంగాల్, ఉస్మానాబాదీ మేకల్లోనూ కవలలు మామూలే. అలాంటి మందలో ఫ్లషింగ్ కన్నా చివరి నెలన్నర దాణాకే ముందు చోటివ్వాలి. అక్కడ కొరత పిల్లల సంఖ్యలో ఉండదు, పుట్టిన రెండింటి బరువులో, వాటికి అందే పాలలో ఉంటుంది.