క్వార్టర్ తాళంచెవి వచ్చేలోగా

సికింద్రాబాద్‌లో తిరుమలగిరి, బొల్లారం మీదుగా వెళ్లేవాళ్లకు కంటోన్మెంట్ అంటే పొడవాటి ప్రహరీలు, పెద్ద చెట్లు, గేటు దగ్గర కాపలా సిపాయి. 1806లో నిజాం సికందర్ జా పేరుతో మొదలైన ఈ దండు ఊళ్లో ఒక భాగం కంటోన్మెంట్ బోర్డు కింద మామూలు జనం ఉండే బస్తీలు. గేటు లోపలిది సైన్యానిది. ఆ గేటు లోపలికి సామాను లారీ వచ్చి ఆగేదాకా ఒక జవాను ఇంట్లో ఏమేం జరుగుతుందో బయటివాళ్లకు తెలిసే వీల్లేదు. సుబేదారు కూతురిగా పుట్టి నాలుగు రాష్ట్రాల్లో ఏడు బడులు మారినదాన్ని కాబట్టి ఒక్క బదిలీని మొదటి నుంచి చివరిదాకా చెప్పుకొస్తాను. మిగతా జీవితమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఒక హవల్దారు కుటుంబాన్ని ఊహించుకోండి. సొంతూరు మార్కాపురం దగ్గర. ఇప్పుడు ఝాన్సీలో ఉన్నారు. భార్య, ఏడో తరగతి చదివే కూతురు, ఐదు దాటిన కొడుకు. ఝాన్సీ లాంటి చోటును సైన్యంలో పీస్ స్టేషన్ అంటారు, అంటే కుటుంబాన్ని దగ్గర పెట్టుకోగలిగిన చోటు. సరిహద్దు దగ్గర, కొండల మీద ఉండేది ఫీల్డ్. అక్కడికి భార్యాపిల్లలు వెళ్లరు. జవాను ఉద్యోగమంతా ఈ రెంటి మధ్య నడుస్తుంది. రెండు మూడేళ్లు పీస్, మళ్లీ రెండు మూడేళ్లు ఫీల్డ్. ఫీల్డ్‌కి వెళ్లినప్పుడు భార్య పిల్లలతో పాత క్వార్టర్‌లోనే కొంతకాలం ఉండటమో, ఇలాంటి కుటుంబాల కోసమే కట్టిన ఇళ్లలోకి మారటమో, సొంతూరు చేరటమో చేస్తుంది. ఏది కుదురుతుందన్నది ఆ స్టేషన్‌లో ఎన్ని ఇళ్లు ఖాళీగా ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

జనవరిలో పోస్టింగ్ వచ్చింది. మార్చిలో సికింద్రాబాద్‌లో రిపోర్ట్ చేయాలి. సొంత రాష్ట్రం పక్కకే వస్తున్నామని ఇంట్లో పండగే. కానీ ఆ రాత్రి పడుకోబోయే ముందు భార్య అడిగే మొదటి ప్రశ్న, "ఏమండీ, పాప పరీక్షలు మార్చి ఆఖరిదాకా ఉన్నాయి కదా, మనం ఎప్పుడు కదలాలి?" అని.

సైన్యం అవసరానికి ఒక క్యాలెండర్, బడికి మరో క్యాలెండర్. కేంద్రీయ విద్యాలయాలు, ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు సీబీఎస్‌ఈ సిలబస్ నడుపుతాయి కాబట్టి కొత్త తరగతి ఏప్రిల్‌లో మొదలవుతుంది. అందుకే చాలా ఇళ్లలో జరిగేదే ఇక్కడా జరిగింది. ఆయన రెండు ట్రంకు పెట్టెలతో ముందు వెళ్లిపోయాడు. సంవత్సరాంత పరీక్షలు అయ్యేదాకా క్వార్టర్ ఉంచుకోవటానికి అనుమతి రాయించుకుని భార్య, పిల్లలు ఝాన్సీలో ఆగిపోయారు.

ఆ నల్లటి ట్రంకు పెట్టెల గురించి ఒక మాట. వాటి మూత మీద తెల్లరంగుతో సర్వీస్ నంబరు, హోదా, పేరు, వెళ్లే ఊరు రాస్తారు. బదిలీ అయినప్పుడల్లా పాత ఊరి పేరు మీద నల్లరంగు పూసి కొత్తది రాస్తారు. మా ఇంట్లో ఒక పెట్టె మూత మీద రంగు పొరలు పొరలుగా లేచి, కింద ఏ ఊరో ఒక అక్షరం తొంగి చూస్తూ ఉండేది. ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకుని మా తమ్ముడూ నేనూ ఊరు చెప్పుకునే ఆట ఆడేవాళ్లం.

సికింద్రాబాద్ చేరగానే హవల్దారు చేసిన మొదటి పని, క్వార్టర్ కోసం దరఖాస్తు. ఇళ్లు పంచేది స్టేషన్ హెడ్‌క్వార్టర్స్. అక్కడ ఒక వరస పట్టీ ఉంటుంది. మన వంతు వచ్చేదాకా ఆగాలి, ఎందుకంటే ఇళ్లకన్నా అడిగేవాళ్లు ఎక్కువ. పెద్ద స్టేషన్‌లో ఈ ఎదురుచూపు నెలలు పడుతుంది. ఈలోగా బయట అద్దెకు ఉండటానికి యూనిట్ అనుమతి తీసుకుంటే ఇంటి అద్దె భత్యం వస్తుంది. యాప్రాల్, సైనిక్‌పురి, అల్వాల్ వైపు వీధుల్లో ఇలా వంతు కోసం కాచుకున్న కుటుంబాలు చాలా కనిపిస్తాయి. మన కుటుంబం కూడా ఏప్రిల్ మొదట్లో యాప్రాల్‌లో రెండు గదుల ఇంట్లో దిగింది. సామానులో సగం విప్పలేదు. మళ్లీ కట్టేదే కదా.

ఇక బడి. కూతురి సంగతి తేలిక. ఝాన్సీ కేంద్రీయ విద్యాలయంలో చదివింది, తండ్రి బదిలీ మీద వచ్చింది కాబట్టి అక్కడి టీసీతో ఇక్కడి కేంద్రీయ విద్యాలయంలో ఎనిమిదో తరగతిలో చేరింది. 1963లో ఈ బడులు మొదలైందే ఇలాంటి పిల్లల కోసం. ఊరు మారినా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మారదు, పాఠం దాదాపు ఆగినచోటే అందుకుంటుంది.

చిక్కంతా కొడుకు దగ్గర వచ్చింది. ఒకటో తరగతిలో కొత్తగా చేరేవాళ్లకు మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి. అది సరిపోయింది. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువ కాబట్టి వరుస ప్రకారం ఇస్తారు. బదిలీలుండే కేంద్ర ఉద్యోగుల పిల్లలు, జవాన్ల పిల్లలు మొదటి వర్గం. ఆ వర్గంలో మళ్లీ గత ఏడేళ్లలో తండ్రికి ఎన్ని బదిలీలయ్యాయో చూస్తారు. ఆ లెక్క నోటిమాటతో ఒప్పుకోరు, యూనిట్ సంతకంతో సర్టిఫికెట్ కావాలి. మూడు బదిలీలైన మనిషి రెండే రాయించుకుని వస్తే వెనక్కి పోతాడు. అందుకని ఈ కాగితం తీసుకునే ముందు తేదీలన్నీ వరుసగా రాసుకుని గుమస్తా దగ్గర కూర్చోవటం మంచిది.

అది కూడా సరిగ్గానే ఉంది. ఆగింది పుట్టిన తేదీ సర్టిఫికెట్ దగ్గర. పిల్లవాడు పుట్టింది అమ్మమ్మగారి ఊళ్లో. మనవాళ్లు ఆసుపత్రిలోనే పేరు పెట్టరు, బారసాల దాకా ఆగుతారు. దాంతో సర్టిఫికెట్‌లో బిడ్డ పేరున్న చోట ఖాళీ. తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. సైన్యం రికార్డులో ఆమె అత్తింటి ఇంటిపేరుతో ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా మాత్రమే ఉంది. ఒకే మనిషికి మూడు పేర్లు.

తెలుగు జవాన్ల ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదేనని నా నమ్మకం. ఇది ఒక్క బడితో పోయే సంగతి కూడా కాదు. సైన్యంలో పెళ్లయినా, బిడ్డ పుట్టినా ఆ విషయం పార్ట్ టూ ఆర్డర్‌గా అచ్చయితేనే జరిగినట్టు లెక్క. జవాను యూనిట్‌లో కాగితాలిస్తే, అక్కడి నుంచి ఆ ఆర్డర్ అతని విభాగపు రికార్డ్ ఆఫీసుకు చేరుతుంది. ఈఎంఈ వాళ్లకైతే అది ఇక్కడే సికింద్రాబాద్‌లో, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీకి నాసిక్ రోడ్‌లో. మిలిటరీ ఆసుపత్రిలో చూపించుకోవటానికి కావలసిన డిపెండెంట్ కార్డు, క్యాంటీన్ కార్డు, పిల్లల చదువు భత్యం, ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే కుటుంబ పింఛను, అన్నీ అందులో ఉన్న పేరును బట్టే. ఉత్తరాది గుమస్తాకు ఇంటిపేరు ముందుంటుందని తెలియదు. ఇంటిపేరునే అసలు పేరనుకుని రాసేస్తాడు. రాసింది చదువుకోకుండా మనం సంతకం పెట్టేస్తాం. అది తప్పని ఎప్పుడో ఆసుపత్రి కౌంటర్ దగ్గర తెలుస్తుంది.

మా అమ్మ పేరు ఇలాగే ఒక అక్షరం తేడాతో పడింది. సరిచేయించటానికి అఫిడవిట్, పాత కాగితాలు, మళ్లీ కొత్త పార్ట్ టూ ఆర్డర్, అన్నీ కలిసి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా ఆమె ఎక్కడికి వెళ్లినా ఆ రెండు కాగితాలూ సంచిలో పెట్టుకుని తిరిగింది.

హవల్దారు భార్య ఆ వారం మార్కాపురం వెళ్లింది. జననమరణాల రిజిస్టర్‌లో బిడ్డ పేరు తర్వాతైనా రాయించవచ్చు. ఏడాది లోపల ఉచితం, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా కొద్ది రుసుముతో. పేరు పడ్డ కొత్త సర్టిఫికెట్ తెచ్చి, తల్లి పేర్లు మూడూ ఒకరివేనని అఫిడవిట్ జతచేసి, గడువుకు రెండు రోజుల ముందు ఇచ్చింది. సీటు వచ్చింది. రాకపోతే ఆర్మీ పబ్లిక్ స్కూలు ఉండనే ఉంది. బొల్లారంలో, ఆర్‌కే పురంలో, గోల్కొండలో ఉన్నాయి. అక్కడ ఫీజు కట్టాలి, హోదాను బట్టి ఎక్కువ తక్కువ ఉంటుంది.

ఫీజుల కోసం చదువు భత్యం ఉంది. 2024 జనవరి నుంచి నెలకు 2,812 రూపాయల 50 పైసలు, అంటే పిల్లకు ఏడాదికి 33,750. మొదటి ఇద్దరు పిల్లలకే. చదువు సంవత్సరం ముగిశాక బడి హెడ్‌మాస్టర్ ఇచ్చిన సర్టిఫికెట్‌తో అడగాలి. అడగటం మర్చిపోయేవాళ్లు తక్కువే గానీ, బడి మారిన ఏడు పాత బడి సర్టిఫికెట్ తెచ్చుకోకుండా వచ్చేసేవాళ్లు చాలామంది. టీసీతో పాటే అది కూడా అడిగి తీసుకోవాలి.

కూతురు తొమ్మిదిలోకి వచ్చినప్పుడు లెక్క మారుతుంది. సీబీఎస్‌ఈ తొమ్మిదిలోనూ పదకొండులోనూ పిల్లల పేర్లు రిజిస్టర్ చేసుకుంటుంది. పదికి, పన్నెండుకి బడి మారాలంటే బోర్డు అనుమతి కావాలి. తండ్రి బదిలీ అయితే ఇస్తారు గానీ ఏ తల్లీ ఆ సాహసం చేయదు. పిల్ల పదో తరగతిలో ఉండగా పోస్టింగ్ వస్తే ఆయన ఒక్కడే కదులుతాడు. చదువు కారణంగా క్వార్టర్ ఉంచుకోవటానికి దరఖాస్తు పెట్టుకుంటారు. ఆ తర్వాత ఇంజనీరింగ్, మెడిసిన్ దగ్గర మన రెండు రాష్ట్రాల్లో లోకల్ అభ్యర్థి ఎవరన్నది ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి తేలుతుంది. అన్నేళ్లూ ఊళ్లు తిరిగిన పిల్ల సొంత రాష్ట్రంలోనే బయటి పిల్ల అవుతుందేమోనని ఇంట్లో గుబులు. సైనికుల పిల్లలకు క్యాప్ పేరుతో కోటా ఉంది. దానికీ నియమాలు ఏటా చదువుకోవాల్సిందే.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది తెలుగు. ఆ బడుల్లో హిందీ, సంస్కృతం. ఆడుకునే మైదానంలో హిందీ. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు కూడా చదవటం రాదు. మా అమ్మ ప్రతి బదిలీకీ పెద్దబాలశిక్షను బియ్యం డబ్బాలో పెట్టి తెచ్చేది, తడవకుండా ఉంటుందని. సాయంత్రం ఒక పేజీ చదివితేనే పాలు. నేను ఈ వ్యాసం ఇలా రాయగలుగుతున్నానంటే ఆ డబ్బా వల్లే.

ఆగస్టులో క్వార్టర్ వంతు వచ్చింది. అప్పగించటాన్ని మార్చ్ ఇన్ అంటారు. ఎంఈఎస్, అంటే సైన్యం ఇళ్లు, కరెంటు, నీళ్లు చూసే శాఖ, దాని మనిషి జాబితాతో వచ్చాడు. ఫ్యాన్లు ఇన్ని, ట్యూబులైట్లు ఇన్ని, కిటికీ అద్దాలు ఇన్ని అని చదువుతూ సంతకం పెట్టమంటాడు. తొందరపడితే పోయింది. ఖాళీ చేసేటప్పుడు అదే జాబితాతో మళ్లీ వస్తారు, లేనిదీ విరిగినదీ జీతంలోంచి కోస్తారు.

హవల్దారు భార్య ఝాన్సీలో ఒక పగిలిన వాష్‌బేసిన్‌కు డబ్బు కట్టి వచ్చింది, అది ఆమె వచ్చేసరికే పగిలి ఉన్నా. ఈసారి చీర కుచ్చిళ్లు దోపుకుని ప్రతి గదీ తిరిగింది. కుళాయిలన్నీ విప్పి చూసింది. బాత్రూమ్ కుళాయి కట్టేసినా బొట్టు బొట్టుగా కారుతోంది. వంటింటి కిటికీలో ఒక అద్దం మూల బీటవారి ఉంది. వెనక తలుపు గడియ లేదు. "ఇవన్నీ రాయండి అన్నా, రాసి మీరూ సంతకం పెట్టండి," అంది హిందీలో. ఆయన రాశాడు. ఆమె ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుని, అసలును పిల్లవాడి కొత్త పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఉన్న ఫైలులోనే పెట్టింది. అప్పుడు తాళంచెవి తీసుకుంది.