ఆకలేస్తోందా అన్నాడు

షష్టిపూర్తి తంతు ముగిసింది. అక్షింతలు పడ్డాయి, పక్క హాల్లో విస్తళ్ళు వేస్తున్నారు. అంతలో మైకు పట్టుకున్న పెద్దల్లుడు వెనక వరుసకేసి చూసి, "ఇప్పుడు మావయ్యగారి మేనల్లుడు రెండు మాటలు చెబుతారు" అనేశాడు. ఆ మేనల్లుడు మీరే. అందరి తలలూ మీ వైపు తిరిగాయి. కుర్చీలోంచి లేచి వేదిక దాకా నడవడానికి మహా అయితే అరనిమిషం పడుతుంది. చెప్పాల్సింది ఆలోచించుకోవడానికి అది చాలు, ఏం ఆలోచించాలో ముందే తెలిసి ఉంటే.

ఇలాంటి సందర్భానికి మూడు భాగాల పద్ధతి ఒకటుంది. నేనెవరిని, నేనేం చూశాను, నేనేం కోరుకుంటున్నాను. చెప్పే వరుస ఇదే కానీ, ఆలోచించే వరుస వేరు. నడుస్తున్నప్పుడు మొదట వెతుక్కోవలసింది మధ్యభాగాన్ని, అంటే మీరు కళ్ళారా చూసిన ఒక్క సంఘటనను. అది దొరికాక చివరి వాక్యం అనుకోండి. మొదటి భాగం గురించి బెంగ అక్కర్లేదు, మీ చుట్టరికం మీకు తెలిసిందే కదా. చాలామంది దీన్ని తిరగేస్తారు. ఎలా మొదలుపెట్టాలా అన్న ఆలోచనలోనే మెట్లెక్కేస్తారు. తీరా మైకు చేతికొచ్చాక "నాకు మాట్లాడటం రాదు" అంటారు. వినేవాళ్ళకు ఆ మాటతో పనిలేదు.

ఏ సంఘటన ఎంచుకోవాలి? "మావయ్య చాలా మంచివారు, సహాయగుణం ఉన్నవారు, అందరినీ కలుపుకుపోతారు" అంటే అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాటలు ఏ మావయ్యకైనా సరిపోతాయి. మీకు మాత్రమే తెలిసినది చెప్పాలి. దాన్ని గుర్తుపట్టడం తేలికే. అందులో ఒక చోటు ఉంటుంది, ఒక వస్తువు ఉంటుంది, ఆయన అన్న ఒక మాట ఉంటుంది. ఈ మూడూ దొరికితే మిగతాది దానంతటదే నోటికొస్తుంది.

ఇలా అనుకుందాం. "అందరికీ నమస్కారం. నేను మావయ్య చిన్న చెల్లెలి కొడుకుని. ఇంటర్ రెండేళ్ళూ వీళ్ళింట్లోనే ఉండి చదువుకున్నాను. పబ్లిక్ పరీక్షల మొదటి రోజు మా ఊరి బస్సు రాలేదు. మావయ్య నన్ను స్కూటరెక్కించుకుని బయల్దేరాడు. దారిలో టైరు పంక్చరైంది. అటుగా వెళ్తున్న పాలవ్యాను ఆపి నన్ను ఎక్కించి, తను స్కూటరు తోసుకుంటూ వెనకాల వచ్చాడు. పరీక్ష రాసి బయటికొచ్చేసరికి గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఎలా రాశావని అడగలేదు. 'ఆకలేస్తోందా' అన్నాడు. మావయ్యా, అత్తయ్యా, మీ సహస్ర చంద్ర దర్శనం కూడా మేమందరం ఇలాగే కలిసి చేయాలి. నమస్కారం."

ఇదంతా చెప్పడానికి నిమిషానికి కాస్త అటూఇటూ పడుతుంది. టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద మాట్లాడేవాళ్ళకు కూడా ఒకటి నుంచి రెండు నిమిషాలే ఇస్తారు. పైగా మన ఫంక్షన్లో అవతల భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ మాటల్లో "సహాయగుణం" అన్న ముక్క ఒక్కసారి కూడా రాలేదు, గమనించారా? పాలవ్యాను, వేపచెట్టు దాన్ని చెప్పేశాయి.

ఎక్కువగా దారి తప్పేది చివర్లోనే. చప్పట్లు మొదలవగానే "ఇంకో విషయం కూడా గుర్తొస్తోంది" అని రెండో సంఘటన ఎత్తుకుంటారు. దాంతో మొదటిదీ పలచబడిపోతుంది. ముగింపు వాక్యం ముందే అనుకోమన్నది ఇందుకే. ఎక్కడ ఆగాలో తెలిసినవాడికి మధ్యలో తడబడ్డా భయం ఉండదు. మాట మరిచిపోతే నేరుగా ఆ ఆకాంక్షకు వెళ్ళి నమస్కారం పెట్టేయవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆ సంఘటన చెబుతుంటే పక్కన కూర్చున్న అత్తయ్య ముఖం ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకోండి. అప్పులు, ఆస్తి పంపకాలు, పాత జబ్బులు, కుదరక తప్పిపోయిన సంబంధాలు ఎంత ప్రేమగా చెప్పినా అక్కడ గుచ్చుకుంటాయి. మావయ్య మీకు ఫీజు కట్టి ఉంటే ఆ మొత్తం చెప్పకండి. ఆయన గుట్టుగా చేసిన పనిని నలుగురిలో లెక్కగట్టినట్టు అవుతుంది.

పెద్దకర్మ రోజున మాట్లాడాల్సి వస్తే మొదటి రెండు భాగాలూ ఇవే. మూడోది మారుతుంది. అక్కడ ఆకాంక్షకు బదులు, ఆ మనిషి వల్ల మీకు అలవాటై ఇప్పటికీ మీతో ఉన్న ఒక పనిని చెప్పండి. గొంతు పూడుకుపోతే ఆగండి. ఎవరూ తొందరపెట్టరు.

ఈసారి ఇంటికి శుభలేఖ వచ్చినప్పుడు, ముహూర్తం చూసుకున్నాక ఆ మనిషితో మీకున్న ఒక్క సంఘటన గుర్తు చేసుకోండి. మిమ్మల్ని పిలవకపోతే, భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చుని ఆయనకే చెప్పండి.